అలవాటు లేని చెయ్యి

ముప్పై సెకన్ల వీడియో తీయడానికి ముప్పై సెకన్లు చాలనుకునేవాళ్లు లోకంలో చాలామందే ఉన్నారు. శివాని నాన్న ఓబుళేశు కూడా వాళ్లలో ఒకడు. ఎర్రగుంట్లలో సిమెంటు లారీ తోలే మనిషి. తెల్లారి పోతే పొద్దుగూకి వస్తాడు. వచ్చేసరికి కూతురు ఫోను ముందు కూర్చుని, ఉదయం తీసిన తునకనే ఇంకా అటూ ఇటూ జరుపుతూ ఉంటే, ఇదేం పనో, దీనికి ఎవరైనా పిలిచి డబ్బులిస్తారా అని ఆశ్చర్యపోయేవాడు. ఇచ్చేవాళ్లున్నారు. ప్రొద్దుటూరు చీరల అంగళ్లవాళ్లకూ, వేంపల్లెలో ఒక మిఠాయి అంగడికీ శివానే షార్ట్స్ చేసిపెట్టేది. చూసేవాడి వేలు ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ జారిపోతుందో ఆ పిల్లకు బాగా తెలుసు.

తెలియనిదల్లా తల్లి చేత అన్నం ఎలా తినిపించాలన్నదే.

ఉగాది ముందు నాగలక్ష్మమ్మ పెరట్లో బట్టలారేస్తూ పక్షవాతం వచ్చి పడిపోయింది. కడప ఆస్పత్రిలో పన్నెండు రోజులుంచి పంపించారు. కాలు కొంత తిరిగొచ్చింది, కట్టె పట్టుకుని నడుస్తుంది. మాట ముద్దగా వస్తుంది, కానీ అర్థమవుతుంది. కుడిచెయ్యి మాత్రం రాలేదు. ఒళ్లో పెట్టుకుంటే ఒళ్లోనే ఉంటుంది, పక్కన పెడితే పక్కనే ఉంటుంది.

ఇక్కడే వచ్చింది చిక్కు. ఆమె ఎడమచేత్తో అన్నం ముట్టదు. చెంచా ఇచ్చినా ముట్టదు. పోనీ ఒకరు తినిపిస్తే తింటుందా అంటే, యాభై రెండేళ్ల మనిషి నోరు తెరుచుకుని కూర్చోవడం ఆమెకు చావుతో సమానం. నాలుగు ముద్దలకు పెదాలు బిగించేస్తుంది. జనాన్ని కూర్చోబెట్టి వడ్డించిన చెయ్యి అది, ఊరిబిండి పచ్చడి నూరితే పక్కవీధివాళ్లు గిన్నె పట్టుకుని వచ్చేవాళ్లు. అలాంటి మనిషి ఐదు నెలల్లో సగమైంది. గొంతుకేం జబ్బు లేదు, కడుపుకు అన్నం పోకపోతే నా మందులు ఏం చేస్తాయని డాక్టరు కోప్పడ్డాడు. శివాని బతిమాలింది, ఏడ్చింది, ఒకరోజు పళ్లెం విసిరి కూడా కొట్టింది. నాగలక్ష్మమ్మ గోడవైపు తిరిగి పడుకుంది.

ఒకటే దారి కనిపించింది శివానికి. పళ్లెం మంచం పక్కన పెట్టి, చెంచా వేసి, బయటికి పోవడం. ఎవరూ చూడకపోతే తింటుందేమోనని ఆశ. కానీ ఆశ ఉన్నవాళ్లకు ఓపిక ఉండదు కదా. ఐదు నిమిషాలకోసారి వచ్చి, తిన్నావా మా అని తలుపు తోసేది. పళ్లెం అలాగే ఉండేది. ఒకటి రెండుసార్లు సంగటి అంచు చెదిరి కనిపిస్తే, పక్కింటి పిల్లి మూతి పెట్టిందని తిట్టుకుని, ఆ పళ్లెం తీసుకుపోయి కుక్కకు వేసేది.

శ్రావణమాసంలో ట్రంకుపెట్టె సర్దుతుంటే అడుగున ఒక గుడ్డమూటలో ఐదు గచ్చకాయలు దొరికాయి. నున్నగా, బూడిదరంగులో, ఆడీ ఆడీ మెరుపెక్కినవి. అమ్మవి. పెళ్లప్పుడు పుట్టింటి నుంచి తెచ్చుకున్నవి. ఆ ఆటలో నాగలక్ష్మమ్మను మించినవాళ్లు లేరన్నది శివాని చిన్నప్పటి నుంచీ వింటున్న కథ. వాటిని చేతిలో పోసుకుని గలగలలాడిస్తే, గోడవైపు తిరిగిన మనిషి మెడ తిప్పి చూసింది. ఐదు నెలల్లో ఆమె తనంతట తాను ఇటు తిరగడం అదే మొదలు. శివాని బుర్ర వెంటనే తన వృత్తి వైపు పరుగెత్తింది.

అమ్మను ఒక్కదాన్నే ఎడమచేత్తో ఆడమంటే ఆడదు. ఊరంతా ఎడమచేత్తో ఆడితే? ఆ చెయ్యి ఆటకు పనికొస్తే, రేపు అన్నానికి ఎందుకు పనికిరాదు?

గచ్చకాయలు లేనివాళ్లకు రాళ్లు చాలు. రాయికి డబ్బు పెట్టే పని లేదు, ఎవరింటి ముందైనా దొరుకుతుంది. రూలు ఒక్క ముక్కలో చెప్పగలగాలి. ఐదు రాళ్లు, ఎడమచెయ్యి, మధ్యలో కట్ చేయకూడదు. మెట్లు ఆటలోనే ఉన్నాయి. ఒక రాయి ఎగరేసి అది కిందికొచ్చేలోపు నేలమీది నాలుగింటినీ ఒక్కొక్కటిగా తీయడం మొదటి మెట్టు. రెండేసి తీయడం రెండో మెట్టు. మూడు ఒకసారి, మిగిలినది ఒకసారి తీస్తే మూడోది. నాలుగూ ఒక్క ఊపున ఊడ్చేయడం నాలుగోది. చివరిది ఐదూ ఎగరేసి చేతి వెనకవైపు పట్టి, మళ్లీ ఎగరేసి అరచేతిలో పట్టడం. చిన్నపిల్లకైనా మొదటి మెట్టు అందుతుంది, ఐదోదానికి ఎవరైనా చెమటోడ్చాలి.

నాలుగు రోజులు సాధన చేసి, ఐదు మెట్లూ తప్పకుండా ఆడి వీడియో పెట్టింది. సూపర్ అక్కా అని మెచ్చుకున్నారు, చప్పట్లు కొట్టే బొమ్మలు పెట్టారు. ఒక్కరూ ఆడలేదు. అప్పుడు తెలిసింది తప్పెక్కడో. గెలిచి చూపిస్తే జనం చూసిపోతారు. ఓడి చూపిస్తేనే, ఇంతేనా, నేనైతేనా అని రాళ్లేరుకుంటారు. దాన్ని తీసేసి మళ్లీ తీసింది. మొదటి సెకనులోనే నేలమీద ఐదు రాళ్లు, వీపు వెనక్కి కట్టుకున్న కుడిచెయ్యి. ఒకటి దాటింది, రెండు దాటింది, మూడో మెట్టులో రాయి జారి ముక్కుమీద పడింది. "నాకు మూడో మెట్టు రాలేదు. మీకెంత వస్తుందో చూపించండి," అంతే, వీడియో అయిపోయింది. రూలు కామెంట్లలో పైన అతికించింది.

ఇక ఊరు ఆగలేదు. ఫ్యాక్టరీ గేటు దగ్గర లారీల నీడలో డ్రైవర్లు ఆడారు. వేంపల్లెలో టమాటా మండీ గుమాస్తా తక్కెడ పక్కన కూర్చుని ఆడాడు. ఆలూరు హాస్టలు ఆడపిల్లలు వరుసగా కూర్చుని ఆడారు, ఒకమ్మాయి నాలుగో మెట్టు దాటితే మిగతావాళ్లు పెట్టిన కేకలకు వార్డెనమ్మ వచ్చి, తిట్టబోయి, తనూ కూర్చుంది. ఎవరో కంకరంత పెద్ద రాళ్లతో ఆడితే అది కష్టమని వాదులాట వచ్చింది. రేగుపండంత రాయి అని శివాని ఒక ముక్క చేర్చింది. ఎప్పుడూ ఎవరినీ మెచ్చుకోని ఓబుళేశు కూడా ఒకరోజు ఐదు రాళ్లు జేబులో వేసుకుని ఇంటికొచ్చాడు, రెండో మెట్టులోనే పోయాడు.

నాగలక్ష్మమ్మ అన్నీ చూసింది. శివాని తన పాత ఫోనును మంచం ఎదురుగా స్టాండుకు బిగించి, అందులో ఒకదాని వెంట ఒకటి పెట్టేది. వార్డెనమ్మ రాయి పోయి బకెట్లో పడినప్పుడు నాగలక్ష్మమ్మ నవ్వింది. మూతి ఒకవైపే కదిలిన నవ్వు, అయినా నవ్వే. శివానికి ఆ రాత్రి నిద్ర పట్టలేదు సంతోషంతో. మర్నాడు ఎర్ర గుండీ ఎక్కడ నొక్కితే రికార్డు అవుతుందో తల్లికి చూపించింది. గచ్చకాయలు మంచం పక్కన ఉన్నాయని, ఆడాలనిపిస్తే ఆడమని, తను చూడనని చెప్పింది. నాగలక్ష్మమ్మ తల అడ్డంగా ఊపింది.

అప్పుడే ఒక కామెంటు వచ్చింది. పుట్టుకతో నాది ఎడమచేతివాటం, నాకు ఇది చాలా సులువు, ఇది న్యాయమా అని ఒక పిల్లాడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. శివాని వెంటనే ఒప్పుకుంది. ఎడమచెయ్యి అన్న మాట కొట్టేసి, అలవాటు లేని చెయ్యి అని మార్చి, ఇంకో చిన్న వీడియో తీసి కారణం చెప్పింది. కుడిచేతివాళ్లు ఎడమతో, ఎడమచేతివాళ్లు కుడితో. ఆ మార్పుతో ఆట ఇంకా ఎగిసింది. ఎన్నడూ దేనికీ లెక్కలోకి రాని ఎడమచేతివాళ్లందరూ వరుసకట్టి వచ్చారు. ఇంత సరైన రూలు పెట్టినందుకు శివాని తనను తానే భుజం తట్టుకుంది. పాపం, ఆ పిల్లకేం తెలుసు.

ఆ మార్పు సంగతి తల్లికి చెప్పినప్పుడు పక్కన రాహేలమ్మ కూడా ఉంది. రాహేలమ్మది నాగలక్ష్మమ్మ పుట్టిన ఊరే, ఇద్దరూ కలిసి ఆడి పెరిగినవాళ్లు. వారానికోసారి వచ్చి తల దువ్వి పోతుంటుంది. శివాని చెప్పింది విని ఆమె దువ్వెన ఆపింది. నాగలక్ష్మమ్మ ఆమె వంక చూసి వద్దన్నట్టు కళ్లతో చెప్పింది. రాహేలమ్మ అప్పటికి ఊరుకుంది. కానీ వెళ్లేటప్పుడు శివానిని వాకిట్లోకి పిలిచింది.

"మీయమ్మకు యా చెయ్యి అలవాటు లేదనుకున్నావు పాపా?"

"ఎడమదే గదా పెద్దమ్మా."

"కాదమ్మా. దాని చెయ్యే ఎడమది. గచ్చకాయలు ఆడతాంటే అంత జోరు, కంటికి ఆనేది గాదు ఆ చెయ్యి. ఆరేండ్లప్పుడు సంగటి ఆ చేత్తో తింటాండాదని మీ అవ్వ అట్లకాడ కాల్చి వాత పెట్టింది. పది దినాలు గుడ్డతో నడుముకు కట్టేసింది. ఇంగ ఆ చెయ్యి ఎవురి ముందరా ఎత్తలే."

తల్లి ఎడమ మణికట్టు మీద వేలెడు మచ్చ ఉంది. పండక్కి బూరెలు కాలుస్తుంటే నూనె చిందిందని చెప్పేది నాగలక్ష్మమ్మ. ఇరవై నాలుగేళ్లు ఆ మాట నమ్మింది కూతురు. అట్లాంటి పసిపిల్లను కాల్చిన అవ్వ మీద ఆమెకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. కానీ అవ్వ పోయి పదేళ్లయింది, ఎవరి మీద తీర్చుకోవాలి?

లోపలికి పోయి తల్లి ఎడమచెయ్యి పట్టుకుని ఆ మచ్చ మీద ముద్దు పెట్టుకుంది. నాకంతా తెలిసిందని చెప్పింది. నీ చెయ్యి నీకుంది, కుడిచెయ్యి పోతే పోయింది, దాన్ని నీ మీద రుద్దినవాళ్లు పోయారు, ఇంక నీ చేత్తో నువ్వు తిను, నీ చేత్తో నువ్వు ఆడు, నిన్ను గెలిచేవాళ్లు ఈ జిల్లాలో ఉండరని గడగడా చెప్పింది. నాగలక్ష్మమ్మ చెయ్యి విడిపించుకుని చీర కొంగు కింద పెట్టుకుంది. ఒక్కో మాటా కూడబలుక్కుని చెప్పింది.

"రూలు నువ్వే పెట్టినావు గదా. అలవాటు లేని చెయ్యి అని. నాకు కుడిదే. ఎడమతో ఆడితే దొంగాట."

"రూలు తీసేస్తా మా. రేపే తీసేస్తా."

"అంతమంది ఆడినాంక తీసేస్తావా? తప్పు. అన్నం సంగతి వేరే. ఈ చేత్తో తిననని మాయమ్మ ముందర ఒట్టేసినా. ఆయమ్మ ల్యాకపోయినా ఒట్టు ఉండాది," అంది.

ఆ రోజు ఓబుళేశు, శివాని, రాహేలమ్మ ముగ్గురూ మంచం ముందు కూర్చుని ఎడమచేత్తో తిన్నారు. ఓబుళేశు ముద్ద నోటికి పోయేలోపు మీసాల్లో కలిసిపోయింది. మామూలప్పుడైతే నాగలక్ష్మమ్మ పొట్ట పట్టుకుని నవ్వేది. ఆమె కళ్లు తుడుచుకుని, నా కోసం అన్నాన్ని అవమానం చేయొద్దని బతిమాలింది. ఇక వాళ్లు ఆ పని చేయలేదు.

తర్వాత రెండు నెలలు ఎప్పటిలాగే గడిచాయి. శివాని పళ్లెం పెట్టి బయటికి పోవడం, ఐదు నిమిషాలకోసారి తలుపు తోయడం, నాలుగు ముద్దలు తినిపించడం. పిల్లి మూతిపెట్టిన పళ్లెం మళ్లీ రెండు మూడుసార్లు కుక్కకు వేసింది. కార్తీకమాసంలో ఒక తెల్లవారుజామున నాగలక్ష్మమ్మకు పక్షవాతం రెండోసారి వచ్చింది. కడప దాకా కూడా పోలేకపోయారు. మోస్తుంటే ఆమె బరువు లేదని, చంటిపిల్లను ఎత్తుకున్నట్టుందని ఓబుళేశు ఏడ్చాడు.

దినాలు అయ్యాక శివాని ఆ గది శుభ్రం చేయడానికి కూర్చుంది. స్టాండుకు బిగించిన పాత ఫోను దుమ్ము పట్టి అలాగే ఉంది. చార్జింగు పెట్టి తెరిచింది. అందులో పదకొండు వీడియోలున్నాయి. తను తీసినవి కావు.

మొదటిదాంట్లో నాగలక్ష్మమ్మ మంచం అంచున కూర్చుని, చేతకాని కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి, పక్కనున్న పీటమీద గచ్చకాయల మీద పెట్టింది. ఎడమచెయ్యి వెనక్కి, నడుం మీదికి పోయింది, రూలు ప్రకారం. తర్వాత నిమిషంసేపు ఏమీ జరగలేదు. ఆమె నుదుటి మీద చెమట మాత్రం కనబడుతోంది. రెండోదీ అంతే, మూడోదీ అంతే. ఆరోదాంట్లో చూపుడువేలు కదిలింది. పదోదాంట్లో ఒక గచ్చకాయ రెండు వేళ్ల మధ్య ఇరుక్కుని, పీట మీద నుంచి వెంట్రుకవాసి లేచి, పడిపోయింది. అమ్మ ఆట ఆడలేదనుకుంది శివాని. అమ్మ ఎవరికంటే తక్కువ ఆడింది? మొదటి మెట్టు కింద ఇంకొక మెట్టు ఉంటుందని, దాన్నెక్కడానికి ఒక మనిషి రెండు నెలలు ఒంటరిగా కష్టపడుతుందని రూలు రాసినదానికి తోచలేదు. వీడియో చూస్తూనే భోరున ఏడ్చింది.

పదకొండోది తెరిచింది. తేదీ చూస్తే అమ్మ పోవడానికి పదిహేను రోజుల ముందుది.

పీట మీద గచ్చకాయలు, దాని పక్కనే అన్నం పళ్లెం. కుడిచెయ్యి ఎప్పటిలా ప్రయత్నించింది, ఎప్పటిలా ఓడిపోయింది. నాగలక్ష్మమ్మ దాన్ని ఒళ్లోకి తీసుకుని నిమిరింది. ఫోను ఆపడానికన్నట్టు ఎడమచెయ్యి ముందుకు చాచింది. మధ్యలో ఆగి, తలుపు వంక చూసింది. తర్వాత ఆ చెయ్యి గచ్చకాయల మీద వాలింది.

ఒక్కొక్కటి, రెండేసి, మూడూ ఒకటి, నాలుగూ ఒక్క ఊపున. ఎగిరిన కాయ కిందికి రావడానికి తొందర లేనట్టే ఉంది, చెయ్యి అంత తీరిగ్గా పని ముగించి దానికోసం కాచుకుంది. చివరికి ఐదూ ఎగిరి చేతి వెనక వరుసగా కూర్చున్నాయి, మళ్లీ ఎగిరి గుప్పెట్లోకి వచ్చాయి. రాహేలమ్మ చెప్పింది నిజమే, కంటికి ఆనలేదు. మంచం మీద ఉన్నది జబ్బుమనిషి కాదు, ఆరేళ్ల పిల్ల. వాత పడకముందు పిల్ల.

ఆ పిల్ల ఆ ఊపులోనే పళ్లెం మీదికి చెయ్యి పోనిచ్చింది. సంగటి తుంచి, పప్పులో అద్ది, నోట్లో పెట్టుకుంది. కళ్లు మూసుకుని నమిలింది. ఇంకో ముద్ద తుంచింది. అది పెద్ద ముద్ద, ఆకలిగొన్నవాళ్లు తుంచే ముద్ద.

తలుపు చప్పుడైంది. వీడియోలో శివాని గొంతు వినబడింది.

"తిన్నావా మా?"

ముద్ద పళ్లెంలో పడిపోయింది. ఎడమచెయ్యి కొంగు కింద దూరింది. నాగలక్ష్మమ్మ గోడవైపు ముఖం తిప్పేసింది. చెదిరిన పళ్లెం పైన ఇప్పుడు శివాని చెయ్యి కనబడింది, కుడిచెయ్యి, గాజులతో సహా.

"ఈ పిల్లికి ఏం రోగం? మళ్లా మూతి పెట్న్యాది సూడు," అని విసుక్కుంటూ ఆ చెయ్యి పళ్లెం ఎత్తుకుని పోయింది.

పళ్లెం ఎటు పోతే అటు, కనుమరుగయ్యేదాకా, నాగలక్ష్మమ్మ తల తిప్పి చూస్తూ ఉంది. బయట వాకిట్లో కుక్కను పిలుస్తున్న తన గొంతు శివానికి స్పష్టంగా వినిపించింది.